అదనపు దారి ఉన్న గుండెకు దడ: డిల్టియాజెమా, అమియోడరోనా, ఐబ్యుటిలైడా, షాకా?

క్యాజువాల్టీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వేగంగా కొట్టుకుంటూ కనబడితే, చేయి ముందుగా వెళ్లేది డిల్టియాజెమ్ వైపే. వచ్చేవాళ్లలో చాలామందికి అది సరైన మందే. పుట్టుకతోనే గుండెలో ఒక అదనపు దారి ఉన్నవాడికి మాత్రం అదే సూది ప్రాణం మీదికి తేగలదు.

ఒక కేసు అనుకుందాం. దామలచెరువు మామిడి మండీలో లోడింగ్ పని చేసే 26 ఏళ్ల మనిషి, బరువు 60 కిలోలు. గంటసేపటి నుంచి దడ, చెమటలు. అన్న బండి మీద కూర్చోబెట్టుకుని తిరుపతికి తీసుకొచ్చినాడు. "సార్, గుండె బయటికి వచ్చేటట్టు కొట్టుకుంటా ఉండాది. ముందు గూడా ఒకట్రెండు సార్లు వచ్చింది గానీ, దానంతట అదే తగ్గిపోయింది" అంటాడు. మనిషి మెలకువగానే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. బీపీ 104/70. మానిటర్ 220 దగ్గర ఎగిరెగిరి పడుతోంది.

ఏ మందు మేలో తేల్చేది ఈసీజీ కాగితమే. క్యూఆర్ఎస్ వెడల్పుగా ఉంటుంది, కానీ అన్నీ ఒకే ఆకారంలో ఉండవు. ఒకటి బాగా వెడల్పు, పక్కది కాస్త సన్నం, ఆ తర్వాతది మరోలా. బండిల్ బ్రాంచ్ బ్లాక్ ఉన్నవాడికి ఫిబ్రిలేషన్ వస్తే క్యూఆర్ఎస్ వెడల్పే, కానీ ప్రతి బీటూ దాదాపు ఒకేలా ఉంటుంది. వీటీ అయితే చాలామటుకు లయ తప్పకుండా కొట్టుకుంటుంది. ఇక్కడ లయా లేదు, ఆకారమూ నిలకడగా లేదు. వేగం మరీ ఎక్కువైతే కంటికి అంతా సమంగానే కొడుతున్నట్టు అనిపిస్తుంది కాబట్టి కంటిని నమ్మొద్దు. ఒక తెల్లకాగితం అంచు మీద నాలుగైదు ఆర్ శిఖరాలకు పెన్నుతో గీతలు పెట్టి, ఆ కాగితాన్ని పక్కకు జరిపి చూడండి. గీతలు కలవకపోతే లయ లేనట్టే.

తర్వాత అన్నిటికంటే దగ్గరగా ఉన్న రెండు ఆర్‌ల మధ్య చిన్న గళ్లు లెక్కపెట్టాలి. మామూలు కాగితం వేగంలో ఒక్కో చిన్న గడి 40 మిల్లీసెకన్లు. మన మనిషికి ఐదున్నర గళ్లు, అంటే 220 మిల్లీసెకన్లు. ఈ అంకె 250 లేదా అంతకంటే తక్కువైతే, ఫిబ్రిలేషన్ కిందికి దిగి వెంట్రికల్‌ను కూడా పట్టుకునే ప్రమాదం ఎక్కువ. వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ వచ్చిందంటే నాడి ఉండదు.

ఇక డిల్టియాజెమ్ ఎందుకు వద్దు? పై గదుల నుంచి కింది గదులకు కరెంటు దిగే మామూలు దారిలో ఏవీ నోడ్ ఉంటుంది. అలిపిరి చెక్‌పోస్టులా రద్దీ పెరిగే కొద్దీ అది బండ్లను ఆపి ఆపి వదులుతుంది. పైన నిమిషానికి 400 సార్లు కొట్టుకున్నా కిందికి ఏ 150 మాత్రమే చేరేది అందుకే. ఉల్ఫ్, పార్కిన్‌సన్, వైట్ 1930లో వర్ణించిన జబ్బులో దీనికి తోడు ఒక కండపోగు కూడా పై గదిని కింది గదికి కలుపుతుంది. దానికి రద్దీ వచ్చినకొద్దీ నిదానించే గుణం లేదు. అది సోడియం చానళ్ల మీద నడిచే కండ. కోలుకున్న వెంటనే వచ్చినదాన్ని వచ్చినట్టు పంపుతుంది, కోలుకోకపోతే అసలు పంపదు.

డిల్టియాజెమ్, వెరపమిల్ పట్టుకునేది కాల్షియం చానళ్లను. అంటే మందు పనిచేసేది నోడ్ మీద, వేగం దిగుతున్నది పక్కదారిన. నోడ్ మూసుకుంటే ఇంకో చిక్కు ఉంది. అంతవరకు నోడ్ గుండా దిగిన కొన్ని తరంగాలు కింది నుంచి ఆ అదనపు దారిలోకి ఎగబాకి, పైనుంచి వచ్చేవాటిని అడ్డుకునేవి. ఇప్పుడు ఆ అడ్డూ పోతుంది. పైగా రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది. పడగానే శరీరం ఎడ్రినలిన్ వదులుతుంది, దాంతో ఆ దారి ఇంకా త్వరగా కోలుకుంటుంది. మన మనిషికి కిలోకు 0.25 చొప్పున 15 మిల్లీగ్రాములు ఇచ్చామనుకోండి. 104 ఉన్న బీపీ 80కి దిగొచ్చు, 220 మిల్లీసెకన్ల ఎడం ఇంకా తగ్గొచ్చు. తర్వాత స్క్రీన్ మీద వచ్చేది క్యూఆర్ఎస్‌లు కాదు, ఉట్టి వణుకు.

డిజాక్సిన్‌ది ఇంకో రకం కీడు. కొందరిలో అది అదనపు దారి కోలుకునే సమయాన్ని నేరుగానే తగ్గిస్తుంది. అడినోసిన్ కొన్ని సెకన్లే ఉంటుంది గానీ ఆ సెకన్లే చాలు. పైగా అది ఫిబ్రిలేషన్‌ను ఆపదు. బీటా బ్లాకర్లు కూడా నోడ్ మందులే, వాటినీ పక్కన పెట్టాలి.

వీటన్నిటికంటే మోసపుచ్చేది అమియోడరోన్. "వెడల్పు క్యూఆర్ఎస్ కదా, వీటీ అయినా ఎస్‌వీటీ అయినా అమియోడరోన్ పట్టిస్తే పోలా" అనే మాట డ్యూటీ గదుల్లో వినబడుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి నోటితో వేసుకుంటే అది అదనపు దారిని కూడా నిదానింపజేస్తుంది, నిజమే. కానీ నరంలోకి ఎక్కించిన మొదటి గంటల్లో దాని పని ఎక్కువగా నోడ్ మీదే, బీపీని కూడా దించుతుంది. అందుకే అమెరికా 2014 మార్గదర్శకాలు దాన్ని డిజాక్సిన్, వెరపమిల్, అడినోసిన్‌ల సరసన హానికర జాబితాలో పెట్టాయి. యూరప్ 2019 మార్గదర్శకాలూ వద్దనే అన్నాయి. నా మట్టుకు ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం ప్రమాదం తప్పుతుంది. డిల్టియాజెమ్ ఇవ్వడానికి జంకేవాళ్లు కూడా అమియోడరోన్‌ను ధైర్యంగా ఇచ్చేస్తారు.

మరి ఇవ్వదగ్గవి? అదనపు దారినే పట్టుకునే మందులు. ప్రొకైనమైడ్ నిమిషానికి 20 నుంచి 50 మిల్లీగ్రాములు, మొత్తం కిలోకు 17 దాటకుండా. ఈ మనిషికి అది 1,020 మిల్లీగ్రాములు, తొందరపడినా 20 నిమిషాలు పడుతుంది. బీపీ పడినా, క్యూఆర్ఎస్ వెడల్పు సగానికి పైగా పెరిగినా ఆపేయాలి. చిక్కేమిటంటే మన దగ్గర చాలా ఫార్మసీల్లో అది దొరకదు. ఐబ్యుటిలైడ్ అయితే 60 కిలోలు ఉన్నవాడికి 1 మిల్లీగ్రాము, 10 నిమిషాల్లో నిదానంగా. తగ్గకపోతే మరో 10 నిమిషాలు ఆగి ఇంకొకసారి. క్యూటీ సాగి టోర్సాడ్స్ రావచ్చు కాబట్టి ముందు పొటాషియం, మెగ్నీషియం చూసుకోవాలి, తర్వాత కనీసం 4 గంటలు మానిటర్ మీద ఉంచాలి. క్యూటీ ముందే పొడవుగా ఉన్నవాడికి ఇది వద్దు.

షాక్‌తో పోలిస్తే ఈ రెండూ నిదానపు దారులే. బీపీ పడినా, స్పృహ తప్పుతున్నా, ఛాతీ నొప్పి ఉన్నా మందుల చర్చ అక్కడితో సరి. మెలకువ ఉంటే మత్తు ఇచ్చి, సింక్ నొక్కి, బైఫేజిక్ మెషిన్‌లో కనీసం 200 జౌల్స్. క్యూఆర్ఎస్ ఇంత గజిబిజిగా ఉన్నప్పుడు మెషిన్ సింక్ పట్టుకోలేక ఊరుకోవచ్చు. మనిషి కుప్పకూలుతుంటే దానికోసం చూస్తూ నిలబడకుండా సింక్ తీసేసి ఇచ్చేయాలి. ఈ 26 ఏళ్లవాడు నిలకడగా ఉన్నాడు కాబట్టి ప్యాడ్లు ఛాతీకి అంటించి ఉంచి, ఐబ్యుటిలైడ్ మొదలుపెట్టడం సబబే. ఆస్పత్రిలో ఐబ్యుటిలైడ్ లేదంటే? ఉన్న అమియోడరోన్ వైపు చూడొద్దు, నిలకడగా ఉన్నా షాకే మేలు.

ఇదే మనిషి ఇంకోనాడు క్యూఆర్ఎస్ సన్నగా, లయ తప్పకుండా కొట్టుకునే దడతో వస్తే లెక్క తిరగబడుతుంది. అప్పుడు కరెంటు నోడ్ గుండా దిగి అదనపు దారిన పైకెక్కి చుట్టూ తిరుగుతుంటుంది. నోడ్‌ను ఆపితే చుట్టు తెగుతుంది. వేగస్ ఉపాయాలు పనిచేయకపోతే అక్కడ అడినోసిన్‌దే మొదటి స్థానం. అడినోసిన్ ఒక్కోసారి ఫిబ్రిలేషన్‌ను లేపుతుంది కాబట్టి షాక్ మెషిన్ మంచం పక్కనే ఉండాలి.

లయ కుదిరాక మళ్లీ ఈసీజీ తీస్తే పీఆర్ 120 మిల్లీసెకన్లకు తక్కువగా, క్యూఆర్ఎస్ మొదట్లో ఏటవాలుగా ఎక్కే డెల్టా వేవ్ కనబడుతుంది. అతన్ని ఈపీ స్టడీకి, అబ్లేషన్‌కు పంపాలి. చాలామందికి ఆ దారి శాశ్వతంగా తెగిపోతుంది. అది అయ్యేదాకా డిజాక్సిన్, వెరపమిల్ వాడకూడదని డిశ్చార్జ్ కాగితం మీద రాసి, డెల్టా వేవ్ ఉన్న ఈసీజీని జిరాక్స్ తీయించి చేతికివ్వాలి. థర్మల్ కాగితం కొన్నాళ్లకు వెలిసిపోతుంది, ఈసారి దడ వస్తే అతన్ని చూసేది పాకాలలోనో చిత్తూరులోనో వేరే డాక్టరు కావచ్చు.