పార్ట్‌టైమ్ సోషల్ మీడియా మేనేజర్ కోసం రాసుకున్న జాబ్ బ్రీఫ్: ఏడాదిన్నర వాడాక

మంగళగిరి కాటన్ చీరలు ఇంటి నుంచే అమ్ముతాను. ఇన్‌స్టాగ్రామ్ చూసుకోవడానికి మొదటిసారి మనిషిని పెట్టుకున్నప్పుడు నేను రాసిన బ్రీఫ్ ఒక్కటే వాక్యం: "పేజీ చూసుకోవాలి, ఫాలోవర్లను పెంచాలి." ఆ అమ్మాయి అదే చేసింది. గివ్‌అవేలు పెట్టింది, ఫాలోవర్లు పెరిగారు. ధర అడిగిన మెసేజ్‌లు మాత్రం రెండేసి రోజులు అలాగే పడి ఉన్నాయి. తప్పు తనది కాదు, నేను అడిగిందే అది.

రెండోసారి గంటలు లెక్కేసి రాశాను. వారానికి 12 గంటలు. ఆరు రోజులు పొద్దున అరగంట, సాయంత్రం అరగంట మెసేజ్‌లకు, అంటే ఆరు గంటలు. మూడు రీల్స్‌కు గంటన్నర చొప్పున నాలుగున్నర. సోమవారం నాతో కూర్చుని వారం ప్లాన్ వేయడానికి గంటన్నర. తన పని కానిదీ రాశాను: చీరల ఫొటోలు, ప్రకటనల ఖర్చు, పార్సిల్ ఫిర్యాదులు నావి. పాస్‌వర్డ్ ఇవ్వను, మెటా బిజినెస్ సూట్‌లో అవసరమైనంత యాక్సెస్ ఇస్తానని కూడా పెట్టాను. మనిషి మారిన రోజు ఆ యాక్సెస్ తీసేస్తే సరిపోతుంది.

ఈ బ్రీఫ్‌లో నాకు బాగా పనికొచ్చింది ఎంపిక పరీక్ష. డిగ్రీ, అనుభవం అడగలేదు. ముగ్గురికి తలా వెయ్యి రూపాయలిచ్చి, నిజంగా వచ్చిన మూడు మెసేజ్‌లకు జవాబులు, ఒక చీరకు క్యాప్షన్ రాయమన్నాను. 20 మార్కుల్లో జవాబులకే 12 పెట్టాను. ఒక మెసేజ్ ఇది: "ఈ ముదురు నీలం మొదటి ఉతుకులో రంగు వదులుతుందా అండీ?" ఒకరు "అస్సలు వదలదు మేడమ్, గ్యారంటీ" అన్నారు. ఇంకొకరు "ధర కోసం మెసేజ్ చేయండి" అని అతికించారు. మూడో అమ్మాయి "నేసినవాళ్లను అడిగి సాయంత్రానికల్లా చెబుతానండి" అని రాసింది. తన వీడియో ఎడిటింగ్ అందరికన్నా సాదాగా ఉంది. అయినా తననే తీసుకున్నాను, ఇప్పటికీ తనే ఉంది. తెలియని రంగుకు గ్యారంటీ ఇస్తే వాపసు వచ్చే చీర నా ఇంటికే వస్తుంది కదా!

లోపాలూ ఉన్నాయి. ఫొటోలు నేను ఏ రోజుకల్లా ఇవ్వాలో రాసుకోలేదు. నేను ఆలస్యం చేసిన వారాల్లో రీల్స్ మూడు కాస్తా ఒకటయ్యేవి, తనకేమో మాట పడేది. ఇప్పుడు "శనివారం రాత్రికల్లా ఫొటోలు అందకపోతే ఆ వారం రెండు రీల్సే" అని చేర్చాను. శ్రావణమాసం లెక్క కూడా తప్పింది. వరలక్ష్మీ వ్రతం ముందు వారాల్లో మెసేజ్‌లకు రోజుకు గంట ఏ మూలకూ చాలదు. మొదటి ఏడాది తను రాత్రి పదకొండు దాకా జవాబులిస్తూనే ఉందని నెలాఖరులో గానీ నాకు తెలియలేదు. అదనపు గంటలకు డబ్బు అప్పుడు ఇచ్చాను. ఈ ఏడాది ఆ నెలకు వారానికి 20 గంటలని, గంటకు ఎంతని ముందే బ్రీఫ్‌లో రాసి ఇద్దరం సంతకం చేశాం.