గడువు ముందే ఖాళీ చేయమంటే ఏ జవాబు మేలు: ససేమిరా అనడమా, షరతులు పెట్టడమా?

ఓనర్ గడువు ముందే ఖాళీ చేయమన్నప్పుడు అద్దెకున్నవాళ్లు రాసే జవాబులు రెండు రకాలు. గడువు దాకా ఉంటామని సూటిగా తిరస్కరించేది ఒకటి. ఖర్చులిస్తే వెళ్తామని షరతులు పెట్టేది రెండోది. ఏది రాయాలో అగ్రిమెంట్‌లోని ఒక్క వాక్యమే తేలుస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్. 2025 జూన్ 1 నుంచి 2026 ఏప్రిల్ 30 వరకు, రిజిస్టర్ చేయించిన 11 నెలల అగ్రిమెంట్. అద్దె 18,000, అడ్వాన్స్ 36,000. నవంబర్ 5న ఓనర్, కొడుకు పెళ్లి ఉంది, నెలాఖరుకల్లా ఖాళీ చేయండి అంటూ ఉత్తరం ఇచ్చారు.

ముందు అగ్రిమెంట్‌లో రద్దు షరతు వెతకాలి. "ఎవరైనా రెండు నెలల నోటీసుతో రద్దు చేసుకోవచ్చు" అని ఉంటే, గడువు మిగిలి ఉందన్న వాదన నిలవదు. అప్పుడు తిరస్కరించదగినది నోటీసు చాలలేదన్న ఒక్క అంశమే: 25 రోజులు కాదు, జనవరి 5 దాకా సమయం ఉందని రాసి, షరతుల దారి పట్టడమే మేలు. అలాంటి షరతు లేకుండా, రెండు నెలలు అద్దె కట్టకపోతే మాత్రమే ఖాళీ చేయించవచ్చని ఉంటే, సూటి తిరస్కరణే మేలు. ఇక్కడ పెళ్లి కారణం కాదు. ఇల్లు అమ్మేశామన్నా అంతే. ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు కొన్నవారు పాత ఓనర్ స్థానంలోకి వస్తారు, లీజు కొనసాగుతుంది.

ఒక మినహాయింపు. ఏడాది మించిన లీజుకు ఎక్కడైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఏడాది లోపు లీజుకు కూడా తప్పనిసరే. మూడేళ్లకని స్టాంపు పేపర్ మీద రాసుకుని రిజిస్టర్ చేయించకపోతే, కోర్టులో ఆ మూడేళ్ల గడువును పట్టుకోవడం కష్టం. సాధారణంగా నెలవారీ అద్దెగానే చూస్తారు. అలాంటివారికీ షరతుల ఉత్తరమే నయం.

మన ఉదాహరణలో నోటీసుతో రద్దు చేసే షరతు లేదనుకుంటే, తిరస్కరణ ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన ఓనర్ గారికి,
తమరి 5-11-2025 నాటి ఉత్తరం అందింది. మన అగ్రిమెంట్ గడువు 30-4-2026 వరకు ఉంది. గడువు లోపు ఖాళీ చేయించే హక్కును, నేను రెండు నెలల అద్దె బాకీ పడితేనే, ఆ అగ్రిమెంట్ తమరికిచ్చింది. అక్టోబర్ వరకు అద్దె మొత్తం బ్యాంకు ద్వారా చెల్లించాను. కాబట్టి నవంబర్ 30కి ఖాళీ చేయడానికి అంగీకరించడం లేదు. అద్దె ఎప్పటిలాగే తమ ఖాతాకు పంపుతాను. గడువు వరకు నీళ్లు, కరెంటు, రాకపోకలకు ఆటంకం కలిగించవద్దని కోరుతున్నాను."

ఇందులో కోపం, పాత గొడవలు, లిఫ్ట్ రిపేరు ఫిర్యాదులు లేవు. రేపు ఇదే కోర్టులో కాగితం అవుతుంది కాబట్టి తేదీలు, చెల్లింపులు, నిరాకరణ ఉంటే చాలు. "ప్రస్తుతానికి కుదరదు", "ఇల్లు దొరికితే చూస్తాం" లాంటి మాటలు అసలు వద్దు. ఖాళీ చేయడానికి ఒప్పుకున్నారని వాదించడానికి అవి పనికొస్తాయి. ఓనర్ ఫోన్ చేసినప్పుడు మొహమాటానికి వాట్సాప్‌లో పంపే "సరే సార్"తోనూ అదే ప్రమాదం.

షరతుల జవాబుకు బలం లెక్కలోనే ఉంది. సామాన్ల తరలింపు 15,000, కొత్త ఇంటి బ్రోకర్‌కు ఒక నెల అద్దె 18,000 అనుకుంటే, అడ్వాన్స్ కాక అడగాల్సింది 33,000. అడ్వాన్స్ 36,000 తాళాలిచ్చే రోజునే, అక్కడికక్కడే, చేతికి రావాలి. "పెయింటింగ్ పట్టుకుని మిగతాది తర్వాత పంపిస్తా" అన్న దగ్గరే చాలామంది నష్టపోతారు.

ఈ రెండింటినీ ఒకే ఉత్తరంలో కలపడమే పెద్ద పొరపాటు. పై పేరాలో ఒప్పుకోనని, కింది పేరాలో 33,000 ఇస్తే వెళ్తానని రాస్తే, గొడవ ఇక ఇంటి గురించి కాదు, డబ్బు గురించి అవుతుంది. ముందు తిరస్కరణ పంపాలి. ఓనర్ మెత్తబడి మాటలకొస్తే, "నా హక్కులకు భంగం లేకుండా" అని మొదలుపెట్టి షరతులు విడిగా రాయాలి. కుదిరితే ఇద్దరూ సంతకం చేయాలి.

లాయర్ చేత రాయించాలా? ఓనర్ ఉత్తరం లాయర్ నోటీసు రూపంలో వస్తే లాయర్ జవాబే మంచిది. మామూలు ఉత్తరానికి సొంత జవాబు సరిపోతుంది. ఏ జవాబైనా పోస్టులో, చేరినట్టు రుజువు వచ్చేలా పంపి, రసీదు, కాపీ దాచుకోవాలి.

ఉత్తరం ఎంత బాగున్నా అద్దె ఆపితే బలం పోతుంది. అడ్వాన్స్‌లో సర్దుకోమనడం కూడా ఓనర్ చేతికి బాకీ అనే కారణం అందించడమే. ఆయన తీసుకోనన్నా బ్యాంకు ద్వారా "నవంబర్ 2025 అద్దె" అని రాసి పంపాలి. బలవంతంగా తాళం వేసి బయటికి పంపేస్తే, నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఇంటిని తిరిగి పొందవచ్చు. అప్పుడు ఆ అద్దె చెల్లింపులు, ఈ ఉత్తరం కాపీ మీరు ఆ ఇంట్లో సక్రమంగానే ఉన్నారనడానికి సాక్ష్యంగా నిలుస్తాయి.