ఫోన్ ఎత్తితే చాలు 'చూసేశారు' అని రాసేసుకునే అలర్ట్ సర్వీసులతో జాగ్రత్త

సర్వర్ అలర్ట్‌లను ఆన్-కాల్ ఫోన్లకు పంపే సర్వీసు కొనాలనుకుంటున్నవాళ్ళు, ముఖ్యంగా మాలాగా నలుగురైదుగురితో నడిచే చిన్న ఆఫీసుల వాళ్ళు, సంవత్సరం డబ్బు ఒకేసారి కట్టేముందు ఇది చదవండి. కంపెనీ పేరు రాయడం లేదు, వాళ్ళతో డబ్బు గొడవ ఇంకా తెగలేదు. పైగా ఇదే లోపం రేపు మీరు కొనబోయే ఇంకో దాంట్లోనూ ఉండొచ్చు కాబట్టి పేరు కన్నా దాన్ని ఎలా పట్టుకోవాలో తెలిస్తేనే మీకు లాభం.

మాది విజయనగరం. ఇక్కడా, శ్రీకాకుళం వైపూ కొన్ని ల్యాబులకీ చిన్న ఆసుపత్రులకీ బిల్లింగ్, రిపోర్టుల సాఫ్ట్‌వేర్ నడుపుతాం. సర్వర్లు క్లౌడ్‌లో ఉన్నాయి, వాటిని ప్రొమీథియస్ కనిపెట్టుకుని ఉంటుంది, ఏదైనా తేడా వస్తే అలర్ట్‌మేనేజర్ మెసేజ్ పంపుతుంది. అయితే అలర్ట్‌మేనేజర్‌కి ఒక హద్దు ఉంది. అది పంపడం వరకే. అవతల మనిషి చూశాడా, 'నేను చూసుకుంటున్నా' అన్నాడా అన్నది దానికి తెలియదు, అక్నాలెడ్జ్ అనే మాటే దాంట్లో లేదు. రాత్రి 2 గంటలకి మెసేజ్ వస్తే ఎవరు లేస్తారు? అందుకే ఈ సర్వీసు తీసుకున్నాం. ముందు ఆ వారం డ్యూటీ కుర్రాడికి కాల్ వెళ్తుంది, 5 నిమిషాల్లో అతను అక్నాలెడ్జ్ చేయకపోతే రెండో అతనికి, ఇంకో 10 నిమిషాలు ఎవరూ పలకకపోతే నాకు. డెమోలో బ్రహ్మాండంగా పనిచేసింది, ఎందుకంటే డెమోలో అందరూ ఫోన్ పక్కనే పెట్టుకుని, కాల్ రాగానే ఎత్తి, చెప్పింది విని, అంకె నొక్కుతారు కదా.

పైడితల్లమ్మ తొలేళ్ళ రాత్రి అసలు సంగతి బయటపడింది. ఆ రాత్రి ఊరు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. మూడు లాంతర్ల దగ్గర డప్పుల మోతలో పక్కవాడి మాటే వినపడదు. మా డ్యూటీ కుర్రాడు ఇంట్లోవాళ్ళతో అక్కడే ఉన్నాడు, అందులో తప్పేం లేదు, ఫోన్ జేబులోనే ఉంది, మెట్లు మూడు పెట్టుకున్నది కూడా ఇలాంటి రాత్రుల కోసమే. ఏదో తెలియని నంబరు నుంచి కాల్ వచ్చింది, ఎత్తాడు, ఏమీ వినపడలేదు, లోన్ల కాల్ అనుకుని కట్ చేశాడు. తర్వాత ఏ ఫోనూ మోగలేదు. అతనిది కాదు, రెండో అతనిది కాదు, నాది కాదు.

పొద్దున్న ఆరున్నరకి ఒక ల్యాబ్ నుంచి ఫోన్. "బాబూ, పరగడుపు రక్తం ఇవ్వడానికి జనం లైన్లో ఉన్నారు, మీది తెరుచుకోవట్లేదు, బిల్లు చేత్తో రాసివ్వమంటారా?" అని అడిగారావిడ. చూస్తే డేటాబేస్ అర్ధరాత్రి దాటాక ఆగిపోయి ఉంది. సర్వీసు వెబ్‌సైట్‌లోకి వెళ్ళి ఆ ఇన్సిడెంట్ లాగ్ తీశాను. అవసరమైన వరుసలు ఇవి:

```
23:52:10 triggered     key=db1  DiskAlmostFull 91%
23:52:41 call          L1
23:52:58 answered      duration=4s
23:53:02 acknowledged  by=L1 via=voice
23:53:02 escalation    stopped
02:17:35 alert         key=db1  PostgresDown
02:17:35 merged        incident already acknowledged
```

మూడో వరుస, నాలుగో వరుస చూడండి. 4 సెకన్లు ఎత్తాడు. అంకె నొక్కలేదు, నొక్కినట్టు లాగ్‌లో ఎక్కడా లేదు. అయినా అక్నాలెడ్జ్ అని రాసుకుంది. అంటే వీళ్ళ లెక్కలో ఫోన్ ఎత్తడమే అక్నాలెడ్జ్. కాల్‌లో వినిపించే రికార్డింగ్ మాత్రం "స్వీకరించడానికి 4 నొక్కండి" అంటుంది, వెనకాల ఆ 4 కోసం ఎదురుచూసేవాడు ఎవడూ లేడు! ఇలా అయితే ఇంట్లో పిల్లాడు ఎత్తినా, నిద్రమత్తులో ఎత్తి పక్కన పడేసినా, వాయిస్ మెయిల్‌కి వెళ్ళినా, తెలియని నంబర్లకి మన బదులు జవాబిచ్చే కాల్ స్క్రీనింగ్ యాప్ ఎత్తినా, అన్నీ 'చూసేశారు' కిందే జమ. టెలిఫోన్ నెట్‌వర్క్ వైపు నుంచి చూస్తే అవన్నీ ఒకటే, కాల్ కలిసింది అంతే. మనిషి విన్నాడో లేదో తెలియాలంటే ఆ కాల్‌లో అంకె నొక్కించుకోవడం లాంటిది ఏదో ఒకటి ఉండాలి.

ఇది సగమే. నిజంగా మా కొంప ముంచింది చివరి రెండు వరుసలు. డిస్క్ 91 శాతం అన్నప్పుడు కొంపలేమీ మునగలేదు, రెండు గంటలకి పైగా టైముంది. బ్యాకప్ స్టోరేజ్‌కి వెళ్ళే దారి ఆ సాయంత్రం మూసుకుపోయింది, దాంతో పోస్ట్‌గ్రెస్ బయటికి పంపాల్సిన లాగ్ ఫైళ్ళు `pg_wal` ఫోల్డర్‌లోనే పేరుకుపోయాయి. `archive_command` విఫలమవుతున్నంత సేపు పోస్ట్‌గ్రెస్ వాటిని తీసేయదు, దాచుకుంటూనే ఉంటుంది, డిస్క్ పూర్తిగా నిండాక ఆగిపోతుంది. మొదట్లోనే ఎవరైనా చూసి ఉంటే డిస్క్ పెంచి, బ్యాకప్ దారి సరిచేసి పడుకునేవారు. (ఆ ఫోల్డర్‌లో ఫైళ్ళని చేత్తో మాత్రం డిలీట్ చేయకండి, డేటాబేస్ మళ్ళీ లేవకుండా పోతుంది.) సరే, 2:17కి డేటాబేస్ పడిపోయింది. అది వేరే అలర్ట్, చాలా పెద్ద అలర్ట్. కనీసం అప్పుడైనా ఫోన్లు మోగాలి కదా? మోగలేదు, ఎందుకంటే ఏ అలర్ట్ ఏ ఇన్సిడెంట్‌లోకి వెళ్ళాలో చెప్పే కీ రెండింటికీ ఒకటే, `db1`. ఆ కీ మీద ఇన్సిడెంట్ ఇప్పటికే తెరిచి ఉంది, పైగా 'ఎవరో చూసుకుంటున్నారు' అని ముద్ర పడి ఉంది, కాబట్టి కొత్తదాన్ని దాంట్లో కలిపేసి నోరు మూసుకుంది.

ఒకే కీ ఉన్న అలర్ట్‌లని కలపడం తప్పు కాదు, లేకపోతే ఒకే సమస్యకి ఫోన్ తెల్లవార్లూ మోగుతుంది. ఇక్కడ తప్పు ఆ కీ తయారైన పద్ధతిలో ఉంది. సెటప్ రోజున వాళ్ళ మనిషే ఇచ్చిన అలర్ట్‌మేనేజర్ సెట్టింగ్ ఇది:

```
group_by: ['host']
```

అంటే ఒక సర్వర్‌లో ఏం జరిగినా అంతా ఒకే గుంపు, ఒకే కీ. కింద ఉన్నట్టు మారిస్తే డిస్క్ సంగతి వేరే ఇన్సిడెంట్, డేటాబేస్ ఆగడం వేరే ఇన్సిడెంట్ అవుతాయి, ఒకదాన్ని అక్నాలెడ్జ్ చేసినా రెండోది మోగుతుంది:

```
group_by: ['alertname', 'host']
```

కంపెనీకి ఫోన్ చేస్తే సపోర్ట్ అతను మర్యాదగానే మాట్లాడాడు, అది ఒప్పుకోవాలి. "సార్, కాల్ లిఫ్ట్ చేశారంటే మీ టీమ్‌కి ఇన్ఫర్మేషన్ చేరినట్టే కదా సార్" అన్నాడు. చేరడం వేరు, ఒప్పుకోవడం వేరు బాబూ, ఆ తేడా కోసమే కదా మీకు డబ్బులు కట్టింది అన్నాను. అంకె నొక్కితేనే అక్నాలెడ్జ్ అయ్యే ఏర్పాటు ఉందట, మా ప్లాన్‌లో లేదట, పై ప్లాన్‌లో ఉందట! ధరల పట్టికలో దాన్ని 'ఇంటరాక్టివ్ వాయిస్' అని రాశారు. అది చదివి అక్నాలెడ్జ్‌కి సంబంధించిన సంగతి అని ఎవరికి తడుతుంది? అక్నాలెడ్జ్ చేశాక అరగంటలోనో గంటలోనో సమస్య తీరకపోతే మళ్ళీ మోగించే గడువు పెట్టుకోవచ్చా అని అడిగాను, మంచి సర్వీసుల్లో ఉంటుంది అది. వీళ్ళ దగ్గర ఏ ప్లాన్‌లోనూ లేదు. అది ఉండి ఉంటే ఆ తప్పుడు అక్నాలెడ్జ్ గంట తర్వాత దానంతటదే రద్దయి, మళ్ళీ కాల్ వెళ్ళేది, డేటాబేస్ పడకముందే.

కాబట్టి ట్రయల్ రోజుల్లోనే ఇలా పరీక్షించండి. డెమోలో వాళ్ళు చూపించేది కాదు, మీరే చేయండి. మొదటి మనిషి ఫోన్ ఎత్తి, మాట్లాడకుండా వెంటనే కట్ చేయాలి, చేశాక 5 నిమిషాలకి రెండో ఫోన్ మోగుతుందా చూడండి. ఇంకోసారి ఎత్తి రికార్డింగ్ అంతా విని ఏ అంకే నొక్కకండి. ఇంకోసారి ఫోన్ స్విచాఫ్ చేయండి. ఈ మూడింట్లోనూ పైమెట్టుకి వెళ్ళాలి, ఒక్కదాంట్లో వెళ్ళకపోయినా ఆ సర్వీసు వద్దు. తర్వాత సరిగ్గా అంకె నొక్కి అక్నాలెడ్జ్ చేసి, అదే సర్వర్ మీద వేరే పేరుతో ఇంకో అలర్ట్ పంపండి, అదీ మోగాలి.

ఉత్తుత్తి అలర్ట్ పంపడానికి సర్వర్ పాడుచేసుకోనక్కర్లేదు, అలర్ట్‌మేనేజర్‌తో వచ్చే `amtool` చాలు:

```
amtool alert add PostgresDown host=db1 severity=critical \
  --end=2026-01-20T23:30:00+05:30 \
  --alertmanager.url=http://localhost:9093
```

ఆ `--end` వదిలేయకండి, దాంట్లో మీ పరీక్ష రోజు తేదీ, పరీక్ష అయ్యాక గంటకో రెండు గంటలకో టైము వేయండి. అది ఇవ్వకపోతే అలర్ట్‌మేనేజర్ మామూలు సెట్టింగ్‌లో 5 నిమిషాలకి ఆ అలర్ట్ తీరిపోయిందనుకుంటుంది, కాసేపటికి సర్వీసుకీ అదే చెప్తుంది, ఇన్సిడెంట్ మూతపడుతుంది, మూడో మెట్టు ఫోన్ మోగనే మోగదు. అప్పుడు మీరు మంచి సర్వీసునే చెడ్డదని తిట్టుకునే ప్రమాదం ఉంది.

ఎస్సెమ్మెస్ ఉంది కదా అనే ధీమా కూడా వద్దు. మన దేశంలో కంపెనీలు పంపే మెసేజ్ డీఎల్‌టీ అనే టెలికాం రిజిస్ట్రేషన్ వ్యవస్థలో నమోదైన టెంప్లేట్‌తో సరిపోలాలి, లేకపోతే దారిలోనే ఆగిపోతుంది. అలర్ట్ పేరు కాస్త పొడుగైనా, విచిత్రమైన గుర్తులున్నా ఆ చిక్కు వస్తుంది, కాబట్టి మీ అసలు అలర్ట్ పేర్లతోనే పంపి చూడండి, 'టెస్ట్' అని పంపితే ఏమీ తెలియదు. యాప్ నోటిఫికేషన్ అయితే ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్‌కి బ్యాటరీ పొదుపు తీసేసి, డు నాట్ డిస్టర్బ్‌లో కూడా మోగేలా అనుమతి ఇచ్చి, రాత్రంతా ముట్టుకోకుండా వదిలేసిన ఫోన్ మీద తెల్లవారుజామున పరీక్షించాలి, చేతిలో ఉన్న ఫోన్ మీద ఎప్పుడైనా వస్తుంది.

మా డబ్బు సంగతికొస్తే, మిగిలిన నెలలకి రీఫండ్ అడిగితే ఇవ్వం, దాని బదులు పై ప్లాన్ కొన్ని నెలలు ఉచితంగా ఇస్తాం అంటున్నారు. ఒప్పుకోలేదు, మెయిళ్ళు నడుస్తున్నాయి. ఈలోపు బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి వాళ్ళకిచ్చిన ఆటో డెబిట్ అనుమతి రద్దు చేశాను. మీరూ ఇలాంటి సర్వీసుకి కార్డు ఇచ్చి ఉంటే డబ్బు కోతకి కనీసం 24 గంటల ముందు బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్ చూస్తూ ఉండండి, ఆపాలంటే అప్పుడే ఆపాలి, కోసేశాక వీళ్ళ నుంచి వెనక్కి రాబట్టడం ఎంత కష్టమో నాకు ఇప్పుడు తెలుస్తోంది.