తక్కువ కాయిన్లతో అల్టిమేట్ టీమ్: ఏడాది ఆడాక నా సమీక్ష

ఇఏ స్పోర్ట్స్ ఎఫ్‌సి 24 ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో, ఆటగాళ్ల కార్డులతో సొంత జట్టు కట్టుకునే అల్టిమేట్ టీమ్‌ను కూకట్‌పల్లిలోని మా ఇంట్లో ఏడాది పాటు, కార్డుల ప్యాక్‌ల మీద రూపాయి కూడా పెట్టకుండా ఆడాను.

మొదట్లో నా దగ్గర ఆటలో ఖర్చు పెట్టే కాయిన్లు 20,000 ఉండగా, వేగం చూసి ముచ్చటపడి 12,000 పెట్టి ఒక స్ట్రైకర్‌ను కొన్నాను. అతని లీగ్, దేశం, క్లబ్ మిగతా పదిమందిలో ఎవరితోనూ కలవకపోవడంతో, ఆ పొత్తును కొలిచే కెమిస్ట్రీ పాయింట్లు అతనికి సున్నా వచ్చాయి. సున్నా వచ్చినా కార్డు మీది అంకెలు తగ్గవు. కానీ ఆటగాడి నైపుణ్యాలను పెంచడానికి కార్డుకు వేసే కెమిస్ట్రీ స్టైల్ వల్ల రావలసిన అదనపు బలం ఏమీ అందదు. తిరిగి అమ్ముదామంటే ప్రతి అమ్మకంలోనూ 5 శాతం కోత ఉంటుంది కాబట్టి, 12,500కి పోయినా చేతికి వచ్చేది 11,875 మాత్రమే. అంటే ఎక్కువ ధరకు అమ్మి కూడా 125 నష్టపోతాం.

ఆ తర్వాత ఆటగాళ్ల కంటే ముందు లెక్క చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఒక్కో ఆటగాడికి గరిష్ఠంగా 3, జట్టు మొత్తానికి 33 పాయింట్లు ఉంటాయి. ఒకే లీగ్‌వాళ్లు ఐదుగురుంటే ఒక్కొక్కరికి 2 వస్తాయి, ఒకే దేశంవాళ్లు ఇద్దరుంటే చెరొక పాయింటు కలుస్తుంది. అందుకే స్పెయిన్ లీగ్ నుంచి ఐదుగురిని, ఇటలీ లీగ్ నుంచి ఐదుగురిని తీసుకుని, ప్రతి ఒక్కరికీ జట్టులో కనీసం ఒక స్వదేశీయుడు ఉండేలా చూశాను. ఉదాహరణకు సెంటర్ బ్యాక్‌లుగా మిలిటావ్, బ్రెమర్ వేర్వేరు లీగ్‌లవాళ్లైనా ఇద్దరూ బ్రెజిల్‌వాళ్లే కనుక ఒకరి వల్ల ఒకరికి మూడో పాయింటు దక్కింది. ఇలా పదిమందికి 30 వచ్చాయి. గోల్ కీపర్ వేరే లీగ్‌లో ఆడే స్పెయిన్‌వాడు కావడంతో, జట్టులోని స్పెయిన్ ఆటగాళ్ల వల్ల అతనికి 1 వచ్చి మొత్తం 31 అయింది. ఆ మిగిలిన రెండు పాయింట్ల కోసం కాయిన్లు ఖర్చు చేయడం నా దృష్టిలో దండగ. కీపర్‌కు అవి పెద్దగా అక్కరకు రావు. అయితే ఆటగాణ్ని తన స్థానంలో కాక వేరే చోట పెడితే అతని పాయింట్లు పోవడమే కాక, అతను ఇతరులకు ఇచ్చేవి కూడా పోతాయి. ఒక మిడ్‌ఫీల్డర్‌ను వింగ్‌లోకి జరిపినప్పుడు మరో ఇద్దరి పక్కన పాయింట్లు తగ్గడం చూశాకే ఇది నాకు అర్థమైంది.

డిఫెండర్లకు వేగాన్నీ, డిఫెన్స్‌నూ పెంచే షాడో స్టైల్‌కు మార్కెట్‌లో గిరాకీ ఎక్కువ. దాన్ని విడిగా కొనే బదులు, వెతికేటప్పుడే కెమిస్ట్రీ స్టైల్ ఫిల్టర్ పెట్టి, ముందే షాడో వేసి ఉన్న కార్డును కొంటాను. కార్డు చేతులు మారినా స్టైల్ దానితోనే ఉంటుంది.

కొనుగోలు వేళ కూడా ముఖ్యమే. కొత్త కార్డులు బ్రిటన్ సమయం సాయంత్రం ఆరింటికి, అంటే మనకు వేసవిలో రాత్రి 10:30కి, చలికాలంలో 11:30కి వచ్చేవి. జనం ప్యాక్‌లు తెరిచి వచ్చిన మామూలు గోల్డ్ కార్డులను వెంటనే అమ్మకానికి పెట్టేవారు కాబట్టి, ఆ తర్వాతి గంటలో వాటి ధర తగ్గేది. మిలిటావ్‌ను నేను కొన్నది అలాంటి ఒక రాత్రే.