రోడ్‌మ్యాప్: చేత్తో మార్చాలా, టాస్కుల నుంచి రానివ్వాలా?

అనంతపురంలో చీనీ రైతుల కోసం యాప్ చేసే చిన్న టీమ్ ఉందనుకుందాం. ఈ క్వార్టర్ రోడ్‌మ్యాప్‌లో ‘చెల్లింపులు’ జూన్ నెలాఖరుకు పూర్తవ్వాలి. దాని కింద 10 టాస్కులున్నాయి.

పని ఎంత పూర్తయిందన్న శాతాన్ని టాస్కుల నుంచే టూల్ లెక్కగడితే ఎవరినీ అడగక్కర్లేదు. 8 పూర్తయ్యాయి, 80 శాతం అని చూపిస్తుంది. చిక్కంతా ఇక్కడే. పూర్తయినవన్నీ ఒక్కో రోజు పనులు. మిగిలినవి బ్యాంకు గేట్‌వేతో కలపడం, పల్లెల్లో పరీక్షించడం. ఒక్కోదానికి ఆరు రోజులు పడుతుంది. రోజుల లెక్కన 20కి 8, అంటే 40 శాతమే. అందుకే టాస్కుల సంఖ్యను కాకుండా అంచనా రోజులను కూడమనే సెట్టింగ్ పెట్టుకోవాలి. మధ్యలో కొత్త టాస్కులు చేరి శాతం తగ్గితే కంగారుపడకండి, పని నిజంగానే పెరిగింది.

ప్రతి శుక్రవారం చేత్తో మార్చే పద్ధతిలో, బ్యాంకు అనుమతి ఇంకా రాలేదన్న సంగతి కూడా తేదీలోకి వస్తుంది. శాతానికి అది తెలియదు. కానీ పని ఒత్తిడిలో నాలుగు వారాలు ఎవరూ ముట్టుకోరు, టాస్కుల గడువు దాటినా రోడ్‌మ్యాప్ అంతా సవ్యంగా ఉన్నట్టు పచ్చగానే ఉంటుంది.

నేనైతే శాతాన్ని టూల్‌కు వదిలేసి, తేదీని మాత్రం ఆ పని చూసే మనిషి చేతే రాయిస్తాను.