నర్సు ఉద్యోగం: బ్రిటన్‌కా, జర్మనీకా?

బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లకు కాగితం మీద బ్రిటనే దగ్గర దారి. ఐఈఎల్‌టీఎస్‌లో 7 (రైటింగ్‌లో 6.5 చాలు), కంప్యూటర్‌పై రాసే నర్సింగ్ పరీక్ష రెండూ ఇక్కడే రాయొచ్చు. అక్కడికి వెళ్లాక ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పాసైతే రిజిస్ట్రేషన్ వస్తుంది. చిక్కంతా ఆఫర్ దగ్గరే. విదేశాల నుంచి కొత్తగా చేరే నర్సుల సంఖ్య 2024-25లో బాగా పడిపోయింది. 'కేర్ అసిస్టెంట్' పేరుతో వచ్చే ఆఫర్ నమ్మకండి. విదేశాల నుంచి ఆ పనికిచ్చే వీసాపై నియామకాలు 2025 జూలైలో ఆగిపోయాయి.

జర్మనీ దారి పొడవు. జర్మన్ భాషలో బీ2 స్థాయికి చేరడానికే దాదాపు ఏడాది పడుతుంది. తర్వాత అక్కడి రాష్ట్ర అధికారులు మన సిలబస్‌ను పోల్చి, లోటును రాతపూర్వకంగా చెబుతారు. ఆ లోటును పరీక్షతోగానీ, అడాప్టేషన్ కోర్సుతోగానీ పూడ్చాలి. అలా నర్సుగా గుర్తింపు వచ్చేవరకూ అసిస్టెంట్ జీతమే. మొత్తం రెండేళ్లు అనుకోండి. కానీ ఆసుపత్రులకు, వృద్ధాశ్రమాలకు నర్సుల అవసరం నిజంగా ఉంది. ఓపికుంటే నేను జర్మనీకే ఓటేస్తాను. కాంట్రాక్టులో ఆసుపత్రి పేరు, గుర్తింపుకు ముందు, తర్వాత జీతం విడివిడిగా లేకపోతే మాత్రం సంతకం పెట్టొద్దు.