2కె స్కానా, 4కె స్కానా: తేలేది వివరమా, గ్రెయినా?

పాత సినిమా రీ-రిలీజ్ పోస్టరు మీద "4కె ప్రింట్" అని పడగానే ఒక ప్రశ్న మొదలవుతుంది (ప్రింటు అనేదే లేకుండా హార్డ్ డిస్కులో వచ్చేదాన్ని ప్రింట్ అనడం మన అలవాటు, పోనివ్వండి). ఆ రోజుల ఫిల్మ్‌లో నిజంగా అంత వివరం ఉందా, లేక ఫిల్మ్ మీద ఉండే సన్నటి చుక్కల మచ్చల్ని, అంటే గ్రెయిన్‌నే, ఇంకా దగ్గరగా చూపిస్తున్నారా? సినిమా హక్కులున్నవాళ్లు ఇదే ప్రశ్నని డబ్బు లెక్కలో అడుగుతారు: 2కె చాలదా?

చాలుతుందా లేదా అన్నది ముందు డబ్బాలో ఏముందో చూస్తేగానీ చెప్పలేం. కెమెరాలో నడిచిన అసలు నెగటివ్ ఉందా, దాన్నుంచి కాపీ చేసిన డ్యూప్ నెగటివ్ ఉందా, ఊరూరా తిరిగొచ్చిన పాజిటివ్ ప్రింటే మిగిలిందా? నా లెక్కలో తొంభై శాతం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

అందరూ "రెండు వేల లైన్లు, నాలుగు వేల లైన్లు" అంటారు గానీ ఆ అంకె అడ్డంగా ఉండే పిక్సెళ్లది. 35 ఎంఎం పూర్తి ఫ్రేము వెడల్పు 24.89 మిల్లీమీటర్లు. దాన్ని 2,048 పిక్సెళ్లుగా కోస్తే ఒక్కోటి 12 మైక్రాన్లు, 4,096గా కోస్తే 6 మైక్రాన్లు. ఒక నల్లగీతనీ పక్కనే ఒక తెల్లగీతనీ విడివిడిగా పట్టాలంటే కనీసం రెండు పిక్సెళ్లు కావాలి. ఆ ప్రకారం 2కె మిల్లీమీటరుకి 41 జతల గీతల దగ్గర ఆగిపోతుంది, 4కె 82 దాకా వెళ్తుంది. కాబట్టి అసలు ప్రశ్న ఇది: 41 దాటాక ఫిల్మ్ మీద బొమ్మ ఉందా?

మంచి ప్రైమ్ లెన్సు, ట్రైపాడ్ మీద కెమెరా, అపర్చరు కాస్త మూసి, ఫోకస్ సరిగ్గా కుదిరిన షాట్ అయితే కెమెరా నెగటివ్‌లో 41 దాటి కూడా బొమ్మ ఉంటుంది. కనురెప్పల వెంట్రుకలు, చీర నేత, నగల మీద చిన్న చిన్న చెక్కడాలు అక్కడే ఉంటాయి. అదే సినిమాలో అపర్చరు పూర్తిగా తెరిచి జూమ్ లెన్సుతో తీసిన పాట షాట్‌లో ఏమీ ఉండకపోవచ్చు. కాపీ కొట్టిన కొద్దీ పరిస్థితి ఇంకా దిగజారుతుంది. ఒక్కో కాపీలో ఆ సన్నని వివరాల కాంట్రాస్టు 70 శాతమే నిలుస్తుందనుకుందాం. నెగటివ్ నుంచి ఇంటర్‌పాజిటివ్, దాన్నుంచి డ్యూప్ నెగటివ్, దాన్నుంచి ప్రింటు: మూడు మెట్లు దిగేసరికి మిగిలేది 34 శాతం. పైగా ప్రతి మెట్టూ తన గ్రెయిన్‌ని కలుపుతుంది. మన దగ్గర చాలా సినిమాలకి ప్రింట్లు నేరుగా కెమెరా నెగటివ్ నుంచే తీశారు. దానివల్ల ప్రింటు ఒక్క మెట్టు దూరంలోనే ఉంది గానీ, అన్నిసార్లు మెషీన్‌లో నడిచిన నెగటివ్ గీతలు పడి అరిగింది.

ఇక గ్రెయిన్ సంగతి. రంగుల ఫిల్మ్‌లో మనం గ్రెయిన్ అనేది వెండి రేణువుని కాదు. డెవలప్ చేశాక వెండి పోయి, దాని చుట్టూ ఏర్పడ్డ రంగు మబ్బులు మిగులుతాయి. అవి ఒకదాని మీద ఒకటి పడి కనిపించే మచ్చలే గ్రెయిన్. ఆ మచ్చలు పెద్దవీ చిన్నవీ అన్ని కొలతల్లోనూ ఉంటాయి, బొమ్మ ఆగిపోయాక కూడా అవి ఆగవు. అందుకే 4కె ఫైలుని తెర మీద వంద శాతానికి పెద్దది చేసి చూసినవాళ్లు "అంతా గ్రెయినే" అంటారు. వాళ్లు చూసింది నిజమే, పోల్చిన పద్ధతి తప్పు. 2కె బొమ్మని, 4కె బొమ్మని ఒకే సైజులో పక్కపక్కన పెట్టాలి.

అలా పెడితే చాలామంది ఊహించనిది జరుగుతుంది: నేరుగా 2కెలో చేసిన స్కాన్‌లోనే గ్రెయిన్ ముతకగా కనిపిస్తుంది. 12 మైక్రాన్ల పిక్సెల్ పట్టలేని సన్నటి గ్రెయిన్ మాయమైపోదు. దగ్గర దగ్గర గీతల చొక్కా టీవీలో అలలు అలలుగా కనిపించినట్టు, ఆ సన్న గ్రెయిన్ మారువేషంలో పెద్ద మచ్చలుగా తిరిగొస్తుంది. ఫిల్మ్ మీద లేని మచ్చలవి. తర్వాత గ్రెయిన్ తగ్గించే ఏ డీనాయిజ్ వాడినా, అసలు వివరాన్ని కొంత చెరపకుండా వాటిని తీయడం కష్టం. 4కెలో స్కాన్ చేసి సాఫ్ట్‌వేర్‌లో 2కెకి దించితే, దించేముందు ఫిల్టరు ఆ సన్న గ్రెయిన్‌ని కోసేస్తుంది కాబట్టి ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. అందుకే చివరికి థియేటరుకిచ్చే ఫైలు, అంటే డీసీపీ, 2కెలోనే చేసేదైనా, కెమెరా నెగటివ్ ఉంటే నా ఓటు 4కె స్కాన్‌కే. మంచి స్కానర్లు ఈ పని లోపలే చేస్తాయి. ఉదాహరణకి ఆరీస్కాన్ 2కె ఫైలుని 3కె నుంచి, 4కె ఫైలుని 6కె నుంచి దించి ఇస్తుంది. "2కె" అని ల్యాబ్ చెప్పినప్పుడు అది నేరుగా 2కెనా, పై నుంచి దించిందా అని తప్పక అడగాలి.

మీ రీలులో 41 దాటాక ఉన్నది వివరమా గ్రెయినా అని వాదించుకోనక్కర్లేదు, పరీక్ష చేసి చూడొచ్చు. దీనికి ఆధారం ఒక్కటే: గ్రెయిన్ ఫ్రేము ఫ్రేముకీ మారిపోతుంది, బొమ్మ మారదు. కదలని షాట్‌లో వరసగా 16 ఫ్రేములు తీసుకుని సగటు కడితే గ్రెయిన్ నాలుగో వంతుకి పడిపోతుంది, వివరం ఉన్నది ఉన్నట్టే నిలుస్తుంది.

ఒక 1970ల రంగుల సినిమా అనుకోండి. ట్రైపాడ్ మీద తీసిన క్లోజప్‌లో గానీ, గోడలూ కిటికీలూ ఉన్న ఇంటి షాట్‌లో గానీ ఎవరూ కదలని ఒక సెకను వెతకండి. ఒక షాట్ మెల్లగా ఇంకోదాంట్లో కలిసిపోయే డిజాల్వుకి దగ్గర్లో ఉన్న షాట్ వద్దు. అప్పట్లో డిజాల్వులు ఆప్టికల్ ప్రింటరులో ఫిల్మ్ నుంచి ఫిల్మ్‌కి కాపీ చేసి ఆ ముక్క వరకు డ్యూప్‌ని నెగటివ్‌లో అతికించేవారు, కాబట్టి అక్కడ బొమ్మ మెత్తగానే ఉంటుంది. ఆ షాట్‌ని 4కెలో, డస్ట్ క్లీనింగ్, డీనాయిజ్, షార్పెనింగ్ అన్నీ ఆపేసి, ఫ్రేముకో ఫైలు చొప్పున 10 బిట్ లాగ్ డీపీఎక్స్ ఫైళ్లుగా స్కాన్ చేయించండి. తర్వాత ffmpeg అనే వీడియో టూల్‌తో, మీ ఫైళ్ల పేరూ మొదటి నంబరూ పెట్టి, ఇది నడపండి:

```
ffmpeg -start_number 1001 -i shot_%07d.dpx -filter_complex \
"format=gbrp16le,split[a][b];\
[b]scale=2048:1556:flags=lanczos,scale=4096:3112:flags=lanczos[c];\
[a][c]blend=all_mode=grainextract,tmix=frames=16,select='eq(n\,15)'" \
-frames:v 1 diff.png
```

ఇది ప్రతి ఫ్రేమునీ 2కెకి దించి మళ్లీ 4కెకి పెంచి, అసలు దాన్లోంచి తీసేస్తుంది. మిగిలేది 4కె మాత్రమే పట్టినది. దాన్ని 16 ఫ్రేముల మీద సగటు కట్టి ఒక్క బొమ్మగా ఇస్తుంది. అది దాదాపు బూడిదరంగులో ఉంటుంది. కాంట్రాస్టు బాగా పెంచి చూడండి. కనురెప్పలు, కిటికీ చువ్వల అంచులు, చీర అంచు జరీ సన్నటి గీతల్లా తేలితే అక్కడ నిజంగా వివరం ఉంది. ఏ ఆకారమూ లేకుండా ఒకే తీరు బూడిదరంగు మిగిలితే ఆ షాట్‌లో 4కె పట్టింది గ్రెయిన్‌నే.

ఈ పరీక్షలో మోసపోయే చోట్లు రెండున్నాయి. ఫ్రేము గేటులో ఒకటి రెండు పిక్సెళ్లు అటూ ఇటూ ఊగినా సగటులో వివరం అలుక్కుపోయి "ఏమీ లేదు" అన్న అబద్ధపు జవాబొస్తుంది. అందుకని ముందు కదలని ఒక మూలని పట్టుకుని షాట్‌ని స్థిరపరచాలి. స్థిరపరిచేటప్పుడు సాఫ్ట్‌వేర్ కూడా కొంత మెత్తబరుస్తుంది, కాబట్టి అతి తక్కువగా ఊగిన షాట్‌నే ఎంచుకోవడం మేలు. రెండోది నిలువు గీతలు. రీలు పొడవునా పడ్డ గీత ప్రతి ఫ్రేములోనూ అదే చోట ఉంటుంది కాబట్టి సగటులో కూడా పదునుగా తేలుతుంది. దాన్ని చూసి వివరం ఉందని మురిసిపోకూడదు.

ప్రింటు మీద ఇదే పరీక్ష చేస్తే సాధారణంగా గీతలూ దుమ్మూ తప్ప చెప్పుకోదగ్గదేమీ తేలదు. అలాంటప్పుడు పై నుంచి దించిన 2కె చాలు. మిగిలిన డబ్బు వెట్ గేట్ మీదా, శుభ్రం చేయించడం మీదా పెడితే తెర మీద తేడా ఎక్కువ కనిపిస్తుంది. వెట్ గేట్‌లో, ఫిల్మ్‌కి ఆధారమైన ప్లాస్టిక్ బేస్ కాంతిని ఎంత వంచుతుందో దాదాపు అంతే వంచే ద్రవం గీతలోకి దిగి దాన్ని పూడ్చేస్తుంది, కాబట్టి బేస్ వైపు గీతలు చాలావరకు కనపడవు. ఎమల్షన్ వైపు రంగుపొర దాకా తెగిన గీత మాత్రం పోదు. ఒక్క మినహాయింపు: బేస్ పాడై వెనిగర్ వాసన మొదలైన రీలు. అది ముడుచుకుపోయి మళ్లీ స్కానర్ ఎక్కే అవకాశం ఉండకపోవచ్చు, అందుకని ప్రింటైనా 4కెలోనే తీసి పెట్టుకోవాలి.

ఖర్చు వైపు చూస్తే అసలు భారం నిల్వదే. 10 బిట్ డీపీఎక్స్‌లో 2కె ఫ్రేము దాదాపు 12.7 ఎంబీ, 4కె ఫ్రేము 51 ఎంబీ. రెండున్నర గంటల సినిమాకి 2,16,000 ఫ్రేములు, అంటే 2.75 టీబీకి బదులు 11 టీబీ. రెండు కాపీలు ఉంచుకోవాలి కాబట్టి 22. రీస్టోరేషన్‌లో ప్రతి రెండరుకీ నాలుగు రెట్ల పిక్సెళ్లు. థియేటరుకి వెళ్లే డీసీపీలో ఇంకో మెలిక ఉంది: సెకనుకి 250 మెగాబిట్ల పరిమితి 2కెకీ 4కెకీ ఒక్కటే. ఫ్రేముకి దాదాపు 1.3 ఎంబీ దక్కుతుంది. గ్రెయిన్ నిండిన 4కె అందులో ఇరుక్కోలేక కొన్నిచోట్ల మెత్తబడుతుంది. అలాంటి సినిమాకి 4కె స్కాన్ చేసి 2కె డీసీపీ ఇవ్వడంలో తప్పేమీ లేదు.

2000ల మధ్య నుంచి ఫిల్మ్ పోయేదాకా వచ్చిన సినిమాల కథ వేరు. నెగటివ్ మీద తీసినా దాన్ని 2కెలో స్కాన్ చేసి రంగులు కంప్యూటర్‌లో దిద్దినవి, అంటే డీఐ చేసినవి, వాటిలో చాలా ఉన్నాయి. ఆ డీఐ ఫైలునే పెంచి "4కె" అంటే కొత్తగా వచ్చే వివరం సున్నా. నిజమైన 4కె కావాలంటే నెగటివ్‌ని తిరిగి స్కాన్ చేసి, షాట్లని ఎడిటింగ్ ప్రకారం పేర్చడం, రంగులు దిద్దడం, అంటే కన్ఫామ్, గ్రేడింగ్, మొత్తం మళ్లీ చేయాలి. అప్పుడు కూడా గ్రాఫిక్స్ షాట్లు 2కెలోనే మిగులుతాయి.

16 ఎంఎంకి 2కె చాలు, ఫ్రేము వెడల్పు 10.26 మిల్లీమీటర్లే కాబట్టి మిల్లీమీటరుకి వంద జతలు అప్పటికే అందుతాయి. 6కె, 8కె గురించి 65 ఎంఎం నెగటివ్ ఉన్నవాళ్లు ఆలోచించుకోవచ్చు.

స్కాన్ ఆర్డరులో మాత్రం "4కె" అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. పూర్తి ఫ్రేము 4096×3112 అని రాయండి. పాత అకాడమీ ఫ్రేముని బొమ్మ వరకే కోసి ఇస్తే వచ్చేది 3656×2664, తర్వాత ఫ్రేము అంచులు చూసుకోవాల్సి వస్తే అవి ఉండవు. సెన్సర్ ఎంతది, ఒక్కో పిక్సెల్‌తో ఒక్క రంగే పట్టే బేయర్‌దా కాదా, డీనాయిజ్ ఆపేశారా అన్నవి కూడా రాతపూర్వకంగా తీసుకోండి. మొత్తం రీళ్లు ఇచ్చేముందు పైన చెప్పిన షాట్ ఒక్కటి టెస్టుగా చేయించుకోండి.